కొత్త టీవీలో ముఖాలు ఎందుకు ఎర్రబడతాయి?

ఇంటికి పెద్ద టీవీ వచ్చిన కొత్తలో అందరూ తెరను మెచ్చుకుంటారు. పూలు, ఆకులు, పట్టుచీరలు, చేపల తొట్టెలు అన్నీ మెరిసిపోతుంటాయి. నాలుగు రోజులయ్యాక ఎవరో ఒకరు అంటారు, "బొమ్మ బాగానే ఉంది గానీ, మనుషులేంటి ఇలా ఉన్నారు?" అని. వార్తలు చదివే అమ్మాయి బుగ్గలు ఎండకు కందినట్టు ఉంటాయి. సీరియల్లో చామనఛాయగా ఉండాల్సిన అత్తగారు నారింజ రంగులోకి దిగిపోతుంది. క్రికెట్ ఆటగాడి మెడ ఇటుక రంగులో కనిపిస్తుంది. పడకగదిలోని పాత టీవీలో అదే చానల్ పెట్టి చూస్తే ముఖాలు మామూలుగానే ఉంటాయి.

అడిగితే దుకాణంలో వాళ్లు చెప్పే జవాబు ఒకటే: కొత్త ప్యానెల్ ఎక్కువ రంగులు చూపిస్తుంది, అలవాటవుతుంది అని. మొదటి ముక్క నిజం. రెండోది మాత్రం వినొద్దు. ఎక్కువ రంగులు చూపగలగడం తెరకున్న శక్తి. ఆ శక్తిని అడగని చోట కూడా వాడటం సెట్టింగ్స్‌లో ఉన్న తప్పు. దాన్ని చాలా టీవీల్లో రిమోట్‌తోనే సరిచేయొచ్చు.

ఇది అర్థం కావాలంటే టీవీకి చేరే సంకేతంలో ఏముంటుందో ముందు చూడాలి. అందులో రంగులు ఉండవు, అంకెలు ఉంటాయి. తెర మీది ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కొక్కటీ 0 నుంచి 255 వరకు ఉంటుందనుకుందాం. ఎరుపు 255 అంటే 'నిండు ఎరుపు' అని మాత్రమే అర్థం. అది ఏ ఎరుపు? దానిమ్మ గింజ ఎరుపా, టమాటా ఎరుపా? ఆ సంగతి అంకె చెప్పదు. అది చెప్పడానికి వేరే ఒప్పందం ఉంటుంది. దాన్నే కలర్ స్పేస్ అంటారు.

హెచ్‌డీ టీవీ కోసం 1990లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కుదిర్చిన ఒప్పందం పేరు బీటీ.709. ఆ రోజుల్లో ఇళ్లలో ఉన్నవి గాజు గొట్టపు టీవీలు. వాటి లోపల పూసిన పదార్థాలు ఎలాంటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇవ్వగలవో దానికి దగ్గరగానే ఈ మూడు మూల రంగులనూ నిర్ణయించారు. ఆ ఎరుపు కాస్త టమాటా వైపు మొగ్గి ఉంటుంది. డీటీహెచ్‌లో వచ్చే హెచ్‌డీ చానళ్లు, యూట్యూబ్‌లో మనం చూసే వీడియోల్లో అత్యధిక భాగం, ఓటీటీల్లో హెచ్‌డీఆర్ గుర్తు లేని సినిమాలు, అన్నీ ఈ నాటికీ ఆ ఒప్పందం ప్రకారమే తయారవుతున్నాయి. రంగులు దిద్దే మనిషి బీటీ.709కు సరిచేసిన మానిటర్ ముందు కూర్చుని, ఈ ముఖం ఇలా ఉండాలి అని తేల్చి, ఆ అంకెల్ని మనకు పంపుతాడు.

తర్వాత పరిధి పెరిగింది. డిజిటల్ సినిమా హాళ్ల కోసం పీ3 అనే కొత్త కొలత వచ్చింది. దాని నీలం బీటీ.709 నీలమే. ఎరుపు మాత్రం లోతుగా ఉంటుంది, ఆకుపచ్చ మరింత చిక్కగా ఉంటుంది. 2012లో 4కే టీవీల కోసం బీటీ.2020 వచ్చింది. దాని మూల రంగులు దాదాపు లేజర్ కాంతిలా శుద్ధమైనవి. మనిషి కన్ను చూడగల రంగులన్నిటినీ ఒక పటంగా గీస్తే, 1931 నాటి ఆ పటంలో బీటీ.709 త్రికోణం సుమారు 36 శాతం, పీ3 సుమారు 45 శాతం, బీటీ.2020 సుమారు 76 శాతం ఆక్రమిస్తాయి. 'వైడ్ కలర్ గామట్' అని టీవీ పెట్టె మీద రాస్తే, సాధారణంగా ఆ తెర పీ3 మొత్తాన్ని, లేదా చాలా భాగాన్ని చూపగలదని అనుకోవచ్చు.

తెర ఈ శక్తి ఎలా సంపాదించిందన్నది కూడా మన కథలో భాగమే. పాత ఎల్‌ఈడీ టీవీల్లో నీలం దీపం మీద పసుపు పూత పూసి తెల్లని వెలుగు తెప్పించేవారు. ఆ వెలుగులో అసలైన ఎరుపు తక్కువ, నారింజ ఎక్కువ. ఇప్పుడు ఆ పూత బదులు సన్నని పట్టీలా శుద్ధమైన ఎరుపునిచ్చే పదార్థాలను, లేదా క్వాంటం డాట్స్‌ను వాడుతున్నారు. ఈ సూక్ష్మ కణాలను కనుగొని, తయారుచేసే దారి చూపిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఓఎల్‌ఈడీ తెరలు వేరే దారిలో దాదాపు ఇదే ఫలితం సాధించాయి. ఏదైతేనేం, కొత్త తెరలోని ఎరుపు దీపం పాత ఎరుపును తనంతట తాను ఇవ్వలేదు. దాని సహజ రంగే వేరు. పాత టమాటా ఎరుపు కావాలంటే ఈ లోతైన ఎరుపును కాస్త తగ్గించి, అందులో కొంచెం ఆకుపచ్చ, కొంచెం నీలం కలపాలి. అంకెల్లో చెబితే, బీటీ.709లో 255, 0, 0గా ఉన్న నిండు ఎరుపును పీ3 తెర మీద అదే రంగులో చూపడానికి 234, 51, 35 కావాలి. ఈ మార్పు చేసి పెట్టడం టీవీ లోపలి చిప్ పని.

ఆ పని చేయకపోతే? ఒక వంట పుస్తకంలో కూరకు రెండు చెంచాల కారం అని రాసి ఉందనుకోండి. రాసినావిడ ఇంట్లో ఉన్నది రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే బ్యాడిగి కారం. మీ డబ్బాలో ఉన్నది గుంటూరు కారం. కొలత తప్పలేదు, చెంచా మారలేదు, కూర మాత్రం నోట పెట్టలేరు. బీటీ.709 అంకెల్ని మార్చకుండా నేరుగా పీ3 తెరకు ఇవ్వడం అలాంటిదే.

ఇప్పుడు ఒక ముఖాన్ని తీసుకుని లెక్క వేసి చూద్దాం. మంచి వెలుతురులో ఉన్న చామనఛాయ బుగ్గ మీద ఒక చుక్క: ఎరుపు 190, ఆకుపచ్చ 140, నీలం 110. కార్యక్రమం తీసినవాళ్లు ఈ అంకెల్ని బీటీ.709 ప్రకారం పంపారు. పీ3 తెర ఈ బుగ్గను ఉన్నదున్నట్టు చూపాలంటే అంకెల్ని సుమారు 182, 142, 115గా మార్చుకోవాలి. అంటే ఎరుపు తగ్గాలి, మిగతా రెండూ కొద్దిగా పెరగాలి. టీవీ ఆ మార్పు చేయకుండా 190, 140, 110నే తెరకు పంపిందనుకోండి. అప్పుడు మన కంటికి చేరే రంగు, పాత టీవీలో 199, 137, 105 అని పంపితే కనిపించే రంగుతో సమానం. ఎరుపు 9 పెరిగింది, ఆకుపచ్చ 3, నీలం 5 తగ్గాయి. ఎరుపుకీ నీలానికీ మధ్య 80 ఉన్న తేడా 94 అయింది. ముఖం కందినట్టు కనిపించడానికి ఇంత చాలు. ఇది సెట్టింగ్స్‌లో ఎవరూ రంగు పెంచకుండా, కేవలం ఒప్పందం తప్పినందుకు వచ్చిన ఎరుపు.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఒక చుక్కలో మూడు అంకెల మధ్య ఎంత ఎడం ఉంటే, తప్పు అంత పెద్దదవుతుంది. తెల్లటి ఛాయ ఉన్న ముఖంలో మూడు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక మార్పు తక్కువ. మన చామనఛాయలో ఎరుపుకీ నీలానికీ ఎడం ఎక్కువ గనుక దెబ్బ గట్టిగా తగులుతుంది. తెలుగు సీరియల్ చూస్తున్నప్పుడు ఈ లోపం అంత బాగా బయటపడటానికి అదొక కారణం. మూడు అంకెలూ సమానమైతే, అంటే తెలుపూ బూడిద రంగులూ అయితే, అసలేమీ మారదు. ఎందుకంటే బీటీ.709, ఇళ్లలో వాడే పీ3, బీటీ.2020 మూడూ ఒకే తెలుపును ఆధారం చేసుకున్నాయి. యాంకర్ వేసుకున్న తెల్ల చొక్కా తెల్లగానే ఉండి, పైన ముఖం మాత్రం ఎర్రబడితే, తప్పు కలర్ స్పేస్‌లో ఉందని గట్టిగా అనుమానించవచ్చు. చొక్కా కూడా నీలంగానో పసుపుగానో మారి ఉంటే అది వేరే జబ్బు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మరి ఆకులు, పూలు, చీరలు కూడా ఇలాగే మారాయి కదా, వాటిని ఎవరూ తప్పుపట్టరేం? తెర మీది చీర అసలు రంగేమిటో మనకు తెలియదు. కొంచెం చిక్కబడితే ఇంకా బాగుందనుకుంటాం. మనిషి ముఖం అలా కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. ఒంట్లో బాగాలేకపోతే ముఖం పాలిపోయిందంటాం, కోపం వస్తే ఎర్రబడిందంటాం. అంత చిన్న తేడాలను చదవడం మన కంటికి అలవాటు. సినిమాలకు రంగులు దిద్దే డీఐ గదుల్లో వెక్టార్‌స్కోప్ అని ఒక సాధనం వాడతారు. చిత్రంలోని రంగులన్నిటినీ ఒక వలయంలో చుక్కలుగా చూపిస్తుంది. అందులో ఎరుపుకూ పసుపుకూ నడుమ ఒక గీత ఉంటుంది. తెలుపైనా నలుపైనా చామనఛాయైనా, మామూలు వెలుతురులో మనుషుల ముఖాలు ఆ గీతకు దగ్గరగానే పడతాయి. ఛాయల మధ్య ఎక్కువ తేడా కాంతిలోనే ఉంటుంది, రంగు దిశలో తక్కువ. అందుకే ముఖం ఆ గీత నుంచి కొద్దిగా పక్కకు జరిగినా కన్ను ఒప్పుకోదు.

ఇక అసలు ప్రశ్న. ఈ మార్పు చేయగల చిప్ టీవీలో ఉండగా, ఎందుకు చేయడం లేదు? చేయొద్దని పిక్చర్ మోడ్ చెప్పింది గనుక. కలర్ స్పేస్ అనే సెట్టింగ్‌కు మామూలుగా రెండు స్థానాలుంటాయి. ఆటో పెడితే టీవీ సంకేతంతో పాటు వచ్చే చిన్న గుర్తును చదువుతుంది. బీటీ.709 అని ఉంటే ఆ ప్రకారం, బీటీ.2020 అని ఉంటే ఆ ప్రకారం అంకెల్ని తన తెరకు తగినట్టు మార్చుకుంటుంది. నేటివ్ పెడితే గుర్తును పట్టించుకోదు. ఏ అంకె వచ్చినా తెర సహజ శక్తి మేరకు చూపించేస్తుంది. వివిడ్, డైనమిక్ లాంటి మోడ్‌లు చాలా టీవీల్లో నేటివ్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. కొన్నింటిలో స్టాండర్డ్ మోడ్ కూడా అంతే. సినిమా, మూవీ, ఫిల్మ్‌మేకర్ మోడ్‌లు సాధారణంగా ఆటోతో వస్తాయి. తీసినవాళ్లు ఉద్దేశించినట్టే చిత్రం కనిపించాలని దర్శకులు కోరితే యూహెచ్‌డీ అలయన్స్ 2019లో ప్రకటించినదే ఈ ఫిల్మ్‌మేకర్ మోడ్.

వివిడ్‌ను దుకాణం కోసం తయారుచేశారు. పదిహేను టీవీలు పక్కపక్కన, పైన కళ్లు జిగేల్‌మనే లైట్లు. అక్కడ చిక్కటి రంగు ఉన్నదే కొనేవాళ్లను ఆపుతుంది. డెమో వీడియోల్లో చిలకలు, పగడపు దీవులు, పండ్ల బుట్టలు ఎక్కువగా, మనిషి ముఖాలు తక్కువగా ఉండటం గమనించండి. ఆ మోడ్‌తో టీవీని ఇంటికి తెచ్చుకుని రాత్రి ఎనిమిదింటికి సీరియల్ చూడటం మాత్రం ముఖాల మీద అన్యాయం.

వివిడ్ నేటివ్ పెట్టి ఊరుకోదు. దాని మీద ఇంకో రెండు పొరలు వేస్తుంది. ఒకటి, డైనమిక్ కలర్, లైవ్ కలర్ లాంటి పేర్లతో ఉండే రంగు పెంపు. రెండోది, దృశ్యాన్ని బట్టి వెలుగు నీడల తేడా పెంచే డైనమిక్ కాంట్రాస్ట్. ఇది ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల మధ్య ఎడాన్ని కూడా సాగదీసే అవకాశం ఉంది గనుక రంగు ఇంకా చిక్కబడుతుంది. ఎరుపు అంకె 255 అనే కప్పును తాకిందంటే ఆ పైన పెరగలేదు. అప్పుడు బుగ్గ మీది వంపు, కుంకుమ బొట్టు అంచు, ఎర్ర పట్టు మీది నేత అన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ముఖం మీద ఎర్రటి మచ్చలు తేలినట్టున్నా, బొట్టు స్టిక్కర్ అంటించినట్టున్నా కారణం ఇదే కావచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ముఖం ఎర్రగా ఉంది కదా అని పైపైన కనిపించే కలర్ అనే మీటను తగ్గిస్తారు. ముఖం కొంత చల్లబడుతుంది, పని అయిందనుకుంటారు. కానీ ఆ మీట అన్ని రంగులనూ కలిపి బూడిద రంగు వైపు లాగుతుంది. పైన చెప్పుకున్నట్టు బీటీ.709, పీ3 రెండింటి నీలం ఒకటే. నీలంలో తప్పు లేకపోయినా ముఖం కోసం దాన్నీ తగ్గించేశారు. ఆకాశం వెలిసిపోతుంది. ముఖమూ పూర్తిగా సరికాదు, ఎందుకంటే దాని రంగు చిక్కబడటంతో పాటు ఎరుపు వైపు కొంచెం జరిగింది కూడా. జరిగినదాన్ని తగ్గించే మీట వెనక్కి తేలేదు. అందుకని కలర్ మీటను ఫ్యాక్టరీ స్థానంలోనే వదిలేసి, జబ్బు ఉన్నచోట మందు వేయాలి.

ఆ చోటు మెనూలో కొంచెం లోపల ఉంటుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పర్ట్ లేదా అడ్వాన్స్‌డ్ అన్న భాగంలోకి వెళ్లాలి. శామ్‌సంగ్ టీవీల్లో Color Space Settings అని, ఎల్జీ టీవీల్లో Color Gamut అని ఉంటుంది. అందులో Native ఉంటే తీసి Auto పెట్టండి. కొన్ని టీవీల్లో BT.709, DCI, BT.2020 అని పేర్లే ఇస్తారు. అక్కడ కూడా Auto మేలు. ఏ సంకేతానికైనా BT.709 అని బిగిస్తే మామూలు చానళ్లు బాగుంటాయి గానీ హెచ్‌డీఆర్ సినిమాలు చెడతాయి. కొన్ని తక్కువ ధర టీవీల్లో ఈ ఎంపికే కనిపించదు. వాటిలో మూవీ మోడ్‌కు మారడమే దారి. లోపల ఆటో స్థితి ఆ మోడ్‌తోనే వస్తుంది.

సరిగ్గా ఇదే కారణమా అని తేల్చుకోవడం కష్టం కాదు. వార్తల్లో తెల్లచొక్కా వేసుకున్న యాంకర్ ముఖం దగ్గరగా ఉన్నప్పుడు చిత్రాన్ని ఆపండి. ఆటో, నేటివ్ అటూ ఇటూ మార్చి చూడండి. చొక్కా కదలకుండా ముఖం, పెదాలు, వెనకాల ఎర్ర పట్టీ మారుతుంటే మందు సరైన చోట పడినట్టే. తర్వాత మాయాబజార్ లాంటి పాత నలుపు తెలుపు సినిమా పెట్టండి. 2010లో వచ్చిన రంగుల ముద్రణ కాదు, 1957 నాటి అసలుది. అందులో ప్రతి చుక్కలోనూ మూడు అంకెలూ సమానం గనుక కలర్ స్పేస్ ఏది పెట్టినా బొమ్మ మారదు. అయినా తెర నీలంగా కనిపిస్తే కలర్ టెంపరేచర్ చల్లగా ఉందని, మరీ పసుపు కనిపిస్తే వెచ్చదనం ఎక్కువైందని తెలుస్తుంది. వివిడ్‌లో కలర్ టెంపరేచర్ చల్లగా ఉంటుంది. తెలుపు నీలిగా మారి, ముఖం మాత్రం ఎర్రగా మండుతుంటే చూసేవాళ్లకు ఆ ఎరుపు ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. మెనూలో Warm అన్నదానికి మార్చండి. మొదటి రెండు రోజులు తెర పాతబడినట్టు అనిపిస్తుంది. ఇళ్లలోని తెల్లటి ఎల్‌ఈడీ బల్బుల వెలుగులో అది మరీ ఎక్కువ. కన్ను సర్దుకున్నాక వివిడ్‌ను తిరిగి పెట్టి చూడండి, అప్పుడు అదెంత నీలమో తెలుస్తుంది.

ఆటో పెట్టినా ముఖాలు తప్పుగా ఉన్నాయంటే సంకేతంలోని గుర్తును అనుమానించాలి. కొన్ని స్ట్రీమింగ్ పరికరాలు, సెట్‌టాప్ బాక్సులు ఏ కార్యక్రమం వచ్చినా హెచ్‌డీఆర్‌గా మార్చి పంపేలా అమర్చి ఉంటాయి. అప్పుడు బాక్సు బీటీ.2020 అని గుర్తు తగిలిస్తుంది. అంకెల్ని కూడా సరిగ్గా మార్చి ఉంటే ఇబ్బంది లేదు. గుర్తు మార్చి అంకెల్ని మార్చకపోతే ముఖాలు నేటివ్‌లో కంటే ఎక్కువగా ఎర్రబడతాయి, ఎందుకంటే బీటీ.2020 ఎరుపు పీ3 ఎరుపు కంటే లోతైనది. దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. బీటీ.2020 అంకెల్ని టీవీ బీటీ.709 అనుకుంటే ముఖాలు నెత్తురు లేనట్టు, బూడిద పూసినట్టు పాలిపోతాయి. బాక్సు సెట్టింగ్స్‌లో చిత్రం ఏ రకంగా ఉంటే ఆ రకంగానే పంపు అనే అర్థం వచ్చే ఎంపిక ఉంటుంది. చాలా పరికరాల్లో అది Match అనే మాటతో మొదలవుతుంది. అది పెట్టాక, హెచ్‌డీఆర్ సినిమా పెట్టినప్పుడు తప్ప తెర మీద హెచ్‌డీఆర్ గుర్తు రాకూడదు.

చేతిలోని ఫోన్లోనూ ఇదే తగవు ఉంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వివిడ్, నేచురల్ అని ఉంటే, నేచురల్ అన్నది అంకెల్ని ఒప్పందం ప్రకారం చూపిస్తుంది. ఇది టీవీని సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఒక వీడియోను ఫోన్లో నేచురల్‌లో, టీవీలో మూవీ మోడ్‌లో పక్కపక్కన నడిపి చూడండి. ముఖాలు అచ్చంగా ఒకేలా ఉండవు, ఏ రెండు తెరలూ పూర్తిగా కలవవు. కానీ ఇద్దరూ ఒకే మనిషి అనిపించాలి. అంతకంటే సన్నగా సరిచేయాలంటే రంగును కొలిచే మీటర్ కావాలి, తెలిసిన మనిషి కావాలి.

అన్నీ సరిచేశాక కూడా ఒకే ఒక్క సీరియల్లో ముఖాలు నారింజగా ఉండి, మిగతా చానళ్లన్నీ బాగుంటే టీవీని వదిలేయండి. మేకప్పూ, సెట్లోని లైట్లూ, రంగులు దిద్దిన చెయ్యీ కలిసి ఆ కార్యక్రమాన్ని అలాగే తయారుచేశాయి. తెర దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తోంది.